3×3 మాట్రిక్స్ లక్షణ సమీకరణం, డిటర్మినెంట్ విప్పకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.వి.పి. కాలనీలో మా మేడమీద గదిలో సాయంత్రాలు బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఐగెన్ విలువల చాప్టర్ మొదలైందంటే ప్రతి బ్యాచ్ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంది. గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చే కుర్రాడికి ఒకసారి, క్లాసు మిస్సయిన వాళ్లకి ఇంకోసారి చెప్పి చెప్పి, చివరికి అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. ప్రశ్నలు వాళ్లు అడిగినట్టే ఉంచాను.

సార్, ఈ పద్ధతి ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్పండి.

A అనే 3×3 మాట్రిక్స్ ఇచ్చి లక్షణ సమీకరణం రాయమంటే, మామూలుగా A − λI రాసి దాని డిటర్మినెంట్ విప్పుతాం. ఆ పని లేకుండా మూడు సంఖ్యలు కనుక్కుని నేరుగా ఇలా రాసేయొచ్చు:

```
λ³ − S1·λ² + S2·λ − S3 = 0
```

S1 అంటే వికర్ణం మీద ఉన్న మూడు సంఖ్యల మొత్తం, అంటే ట్రేస్. S3 అంటే A డిటర్మినెంట్. S2 అంటే మూడు ప్రిన్సిపల్ మైనర్ల మొత్తం. S1 దగ్గర ఎవరూ తడబడరు. S3 ఇంటర్ నుంచి చేస్తున్నదే. తప్పులన్నీ S2 దగ్గరే, ఆ తర్వాత గుర్తుల దగ్గర.

ప్రిన్సిపల్ మైనర్ అంటే ఏది? 2×2 మైనర్లు తొమ్మిది ఉంటాయి కదా, మూడే ఎందుకు?

తొమ్మిది ఉన్న మాట నిజమే. ఏదో ఒక అడ్డు వరుస, ఏదో ఒక నిలువు వరుస కొట్టేస్తే ఒక మైనర్ వస్తుంది. వాటిలో ఒకే నంబరు వరుసలు కొట్టేసినప్పుడు వచ్చేవే ప్రిన్సిపల్ మైనర్లు. మొదటి అడ్డు వరుసతో మొదటి నిలువు వరుస, రెండోదానితో రెండోది, మూడోదానితో మూడోది. అందుకే మూడు.

పెన్సిల్‌తో కొట్టి చూస్తే బాగా తెలుస్తుంది. ఒకటో జత కొట్టేస్తే కింద కుడి మూలన నాలుగు సంఖ్యల గడి మిగులుతుంది. మూడో జత కొట్టేస్తే పైన ఎడమ మూలన గడి మిగులుతుంది. ఈ రెండూ పక్కపక్క సంఖ్యలతో ఉంటాయి కాబట్టి కంటికి ఆనుతాయి. రెండో జత కొట్టేస్తే మాత్రం మధ్యలో సిలువ గుర్తు పడి, మాట్రిక్స్ నాలుగు మూలలు మిగులుతాయి. ఒకదానికొకటి ఆనకుండా దూరంగా ఉంటాయి కనుక చాలామంది దాన్ని మైనర్‌గా చూడనే చూడరు. నేనూ చదువుకునే రోజుల్లో ఒక ఇంటర్నల్ పరీక్షలో ఆ మూలల్ని వదిలేసి, రాని మూలం కోసం అరగంట వెతికాను. అందుకే మా గదిలో S2 చెప్పేటప్పుడు ముందు మూలలతోనే మొదలుపెడతాను.

ఒక లెక్క పూర్తిగా చేసి చూపించండి.

ఈ మాట్రిక్స్ తీసుకుందాం. కావాలనే రుణ సంఖ్యలు ఎక్కువున్నది పెట్టాను.

```
      |  8  −1  −4 |
A  =  |  6   1  −4 |
      |  9  −1  −5 |
```

S1 ముందు. 8 + 1 − 5 = 4.

ఇప్పుడు S2. నాలుగు మూలలు 8, −4, 9, −5. వాటి మైనర్ 8·(−5) − (−4)·9, అంటే −40 + 36 = −4. పైన ఎడమ గడిలో 8, −1, 6, 1 ఉన్నాయి. దాని విలువ 8·1 − (−1)·6 = 14. కింద కుడి గడిలో 1, −4, −1, −5. దాని విలువ 1·(−5) − (−4)·(−1) = −5 − 4 = −9. మూడూ కలిపితే −4 + 14 − 9 = 1. కాబట్టి S2 = 1.

S3కి మొదటి అడ్డు వరుస వెంట విప్పుదాం. ఇక్కడ చిన్న ఆదా ఉంది. 8 పక్కన రావాల్సిన మైనర్ ఇప్పుడే చేసిన −9, మళ్లీ చేయక్కర్లేదు. 8·(−9) = −72. తర్వాత −1 స్థానం. దాని మైనర్ 6·(−5) − (−4)·9 = 6, ముందు మైనస్ ఉంటుంది కాబట్టి −(−1)·6 = 6. చివరగా −4 స్థానం. మైనర్ 6·(−1) − 1·9 = −15, దాంతో (−4)·(−15) = 60. మొత్తం −72 + 6 + 60 = −6. కాబట్టి S3 = −6.

ఫార్ములాలో పెడితే:

```
λ³ − 4λ² + 1·λ − (−6) = 0
λ³ − 4λ² + λ + 6 = 0
```

మూలాల కోసం 6ను భాగించే సంఖ్యలతో ప్రయత్నిస్తాం. λ = −1 పెడితే −1 − 4 − 1 + 6 = 0, పని జరిగింది. λ + 1తో భాగిస్తే λ² − 5λ + 6 మిగులుతుంది, దానికి 2, 3 మూలాలు. ఐగెన్ విలువలు −1, 2, 3.

మామూలుగా విప్పినా ఇదే వస్తుంది కదా. నిజంగా తేడా ఉంటుందా?

ఇదే లెక్క విప్పి చూడండి:

```
(8−λ)(λ²+4λ−9) + (6−6λ) − 4(−15+9λ)
```

ఇది కూడా బ్రాకెట్ల లోపలివి సగం సర్దేసిన తర్వాతి రూపం. ఇక్కడి నుంచి λ పదాలు ఏరితే 32, 9, −6, −36 వస్తాయి. వాటిని కలిపితే −1. అంటే ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాని గుర్తు జారినా చివరి సమీకరణం పోతుంది, ఎక్కడ పోయిందో కనబడదు. మూడు మైనర్ల పద్ధతిలో λ అసలు చేతికి తగలదు. అన్నీ మామూలు సంఖ్యలే, తప్పు జరిగితే ఏ మైనర్లో జరిగిందో వేలు పెట్టి చూపొచ్చు. టైమ్ ఎంత మిగులుతుందనే దానికన్నా నాకు ఈ సౌకర్యమే ముఖ్యం.

ఇది బట్టీ పట్టే ఫార్ములానేనా, వెనక కారణం ఉందా?

కారణం ఉంది, పెద్ద కష్టం కూడా కాదు. A − λIలో λ ఎక్కడెక్కడ ఉందో చూడండి. వికర్ణం మీద మూడు చోట్ల మాత్రమే, ప్రతిచోటా −λగా. మిగతా ఆరు గళ్లలో λ లేదు. కాబట్టి డిటర్మినెంట్ విప్పినప్పుడు λ ఎన్ని సార్లు వస్తుందనేది ఆ మూడు చోట్లలో ఎన్నిటి నుంచి −λ ఎత్తుకున్నాం అన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఒక్క చోటు నుంచే, ఉదాహరణకు మధ్య గడి నుంచి −λ ఎత్తుకున్నామనుకోండి. డిటర్మినెంట్ నియమం ప్రకారం ఒక గడి నుంచి తీసుకుంటే ఆ అడ్డు వరుస, ఆ నిలువు వరుస రెండూ అయిపోయినట్టే. మిగిలేవి నాలుగు మూలలు. వాటి నుంచి ఇక λ తీసుకోకూడదు, ఎందుకంటే ఇప్పుడు మనకి కావలసింది λ ఒక్కసారే వచ్చే పదం. అంటే మూలల్లో అసలు సంఖ్యలతోనే వచ్చే 2×2 డిటర్మినెంట్, మన మైనర్. దాన్ని −λతో గుణిస్తాం. మొదటి గడి నుంచి ఎత్తుకుంటే కింద కుడి మైనర్, మూడో గడి నుంచి ఎత్తుకుంటే పైన ఎడమ మైనర్. మూడు దారులూ కలిపితే −λ·S2. తొమ్మిదిలో మిగతా ఆరు మైనర్లు ఎందుకు రావో కూడా ఇక్కడే తేలిపోయింది. ఆ మైనర్లు రావాలంటే వికర్ణం బయటి గడి నుంచి λ ఎత్తుకోవాలి, అక్కడ λ లేనే లేదు.

రెండు చోట్ల నుంచి ఎత్తుకుంటే (−λ)(−λ) = λ², పక్కన మిగిలేది వికర్ణంలో ఒక్క సంఖ్య. మూడూ కలిపితే λ²·S1. మూడు చోట్లా ఎత్తుకుంటే −λ³. ఎక్కడా ఎత్తుకోకపోతే A డిటర్మినెంటే. అన్నీ చేరిస్తే:

```
|A − λI| = −λ³ + S1·λ² − S2·λ + S3
```

దీన్ని సున్నాకు సమానం చేసి −1తో గుణిస్తే మొదట రాసిన రూపం. కొన్ని పుస్తకాల్లో −λ³తో, కొన్నింటిలో λ³తో మొదలవుతుందని పిల్లలు కంగారు పడతారు. |A − λI| రాశారా, |λI − A| రాశారా అన్నదే తేడా. మూలాలు మారవు.

మైనర్ల ముందు ప్లస్, మైనస్, ప్లస్ పెట్టాలా?

పెట్టకూడదు. మూడింటికీ ప్లస్సే. ఒక అడ్డు వరుస వెంట విప్పేటప్పుడు గుర్తులు మారుతూ వస్తాయి, ఆ అలవాటు చేతిలో ఉండిపోయి ఇక్కడా మధ్య మైనర్‌కు మైనస్ పెట్టేస్తారు. గుర్తు వరుస నంబరు, నిలువు వరుస నంబరు కలిపితే సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి వస్తుంది. వికర్ణం మీద 1+1, 2+2, 3+3, అన్నీ సరి సంఖ్యలే.

పై లెక్కలో ఆ తప్పు చేస్తే S2 = −9 + 4 + 14 = 9 అవుతుంది. సమీకరణం λ³ − 4λ² + 9λ + 6 = 0. దీనికి పూర్ణాంక మూలం ఒక్కటీ లేదు. ±1, ±2, ±3, ±6 అన్నీ పెట్టి చూసినా సున్నా రాదు.

S3 రుణ సంఖ్య అయితే గుర్తు ఏమవుతుంది?

ఫార్ములాలోని మైనస్ అలాగే ఉంటుంది, S3 తన గుర్తుతో లోపలికి వస్తుంది. −(−6) కాబట్టి +6. ‘డిటర్మినెంట్ −6, సమీకరణం చివర −6’ అని చూసినదాన్ని చూసినట్టు దించేసే వాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. నా సలహా ఒక్కటే: S3ను బ్రాకెట్‌లో పెట్టి ఒక లైన్, బ్రాకెట్ తీసి ఇంకో లైన్ రాయండి. ఒక లైన్ ఎక్కువైతే నష్టమేమీ లేదు.

ముందు వరుసలు తీసేసి మాట్రిక్స్‌ని తేలిక చేసుకుని, తర్వాత S1, S2 చేయొచ్చా?

ఈ ప్రశ్న తెలివైన పిల్లలే అడుగుతారు, తప్పు కూడా వాళ్లే చేస్తారు. చేయకూడదు. ఒక వరుస నుంచి ఇంకో వరుస తీసేస్తే డిటర్మినెంట్ మారదు, కానీ ఐగెన్ విలువలు మారిపోవచ్చు.

మన A లోనే రెండో వరుస నుంచి మొదటి వరుస తీసేయండి. రెండో వరుస −2, 2, 0 అవుతుంది. ఇప్పుడు వికర్ణం 8, 2, −5, మొత్తం 5. అసలు ట్రేస్ 4. ఇక్కడే దారి తప్పింది. డిటర్మినెంట్ మాత్రం −6గానే ఉంటుంది, అందుకే మోసపోతాం.

కాబట్టి S1, S2 అసలు మాట్రిక్స్ నుంచే తీసి పక్కన రాసేసుకోండి. ఆ తర్వాత S3 ఒక్కదాని కోసం ఒక వరుసలోంచి ఇంకో వరుసను ఎన్నిసార్లు తీసేసినా పరవాలేదు.

మూలాలు రావడం లేదు. తప్పు నాదా, లెక్కదా అని ఎలా తెలుస్తుంది?

పరీక్షలో సాధారణంగా పూర్ణాంక మూలాలొచ్చే లెక్కే ఇస్తారు, కాబట్టి ముందు అనుమానం మీ మీదే పెట్టుకోండి. అలాగని మూలాలు చక్కగా రాకపోతే తప్పేనని కూడా కాదు. నిజమైన ఇంజనీరింగ్ లెక్కల్లో అవి దశాంశాల్లోనే ఉంటాయి.

S2ను ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. వికర్ణం సంఖ్యల్ని జతలుగా గుణించి కలపండి. తర్వాత వికర్ణానికి అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే సంఖ్యల్ని జతలుగా గుణించి కలపండి. మొదటి మొత్తంలోంచి రెండోది తీసేస్తే S2. మన లెక్కలో వికర్ణం జతలు 8·1, 1·(−5), 8·(−5), మొత్తం −37. అద్దం జతలు (−1)·6, (−4)·9, (−4)·(−1), మొత్తం −38. −37 − (−38) = 1. సరిపోయింది.

బీజగణితంగా చూస్తే ఇది మూడు మైనర్ల మొత్తమే, కొత్త సూత్రమేమీ కాదు. కానీ చేసే వరుస వేరు కాబట్టి మూలల మైనర్ మర్చిపోవడం లాంటి తప్పు ఇక్కడ పట్టుబడిపోతుంది. అసలు మాట్రిక్స్‌లో సంఖ్యే తప్పుగా దించుకుని ఉంటే మాత్రం ఏ పరీక్షా పట్టుకోలేదు. ప్రశ్నపత్రం వైపు ఇంకోసారి చూడాల్సిందే.

మూలాలు వచ్చాక ఇంకో సరిచూత. వాటి వర్గాల మొత్తం S1² − 2·S2 కావాలి. ఇక్కడ 1 + 4 + 9 = 14, అటు 16 − 2 = 14.

ఈ మాట్రిక్స్‌లో ఇంకా దగ్గర దారి ఏమైనా ఉందా?

ఉంది, ఎవరైనా అడుగుతారేమోనని కావాలనే ముందు చెప్పలేదు. ప్రతి అడ్డు వరుస మొత్తం చూడండి. 8 − 1 − 4 = 3, 6 + 1 − 4 = 3, 9 − 1 − 5 = 3. అన్ని వరుసల మొత్తం ఒకటే అయితే అది ఐగెన్ విలువే, ఎందుకంటే A ని (1, 1, 1) తో గుణిస్తే 3·(1, 1, 1) వస్తుంది. ఒక మూలం 3 అని తెలిశాక, మిగతా రెండింటి మొత్తం 4 − 3 = 1, లబ్ధం −6 ÷ 3 = −2. అవి 2, −1. S2 లేకుండానే ఐగెన్ విలువలు వచ్చేశాయి! అయినా S2 చేయండి, సరిచూసుకోవడానికి పనికొస్తుంది. పైగా ప్రశ్నలో సమీకరణమే అడిగితే అది ఎలాగూ కావాలి.

పరీక్షలో ఇలా రాస్తే మార్కులిస్తారా?

|A − λI| = 0 అని ఒక లైన్ రాసి, దాని కింద ఫార్ములా, ఆ కింద S1, S2, S3 విడివిడిగా చూపించండి. S2 దగ్గర మూడు 2×2 గళ్లనూ నిలువు గీతలతో వేసి మరీ రాయండి. దిద్దేవాళ్లకి ఎక్కడ ఏం చేశారో కనబడాలి. ప్రశ్నలోనే ‘విస్తరించి కనుక్కోండి’ అని ఉంటే మాత్రం విప్పి రాసి, దీన్ని మార్జిన్‌లో సరిచూసుకోవడానికి వాడుకోండి.

మెకానికల్ వాళ్లకి ఇదే సమీకరణం ఇంకో పేరుతో వస్తోందట?

మా దగ్గరికి వచ్చే మెకానికల్, మెరైన్ పిల్లలు సెకండియర్‌లో ‘స్ట్రెస్ ఇన్వేరియంట్స్’ చూసి కొత్త చాప్టర్ అనుకుంటారు. I1, I2, I3 అని అక్కడ రాసేవి మన S1, S2, S3లే. ప్రిన్సిపల్ స్ట్రెస్ అంటే స్ట్రెస్ మాట్రిక్స్ ఐగెన్ విలువ. ‘ఇన్వేరియంట్’ అని ఎందుకన్నారంటే, అక్షాలు ఎటు తిప్పినా ఆ మూడు సంఖ్యలు మారవు. షిప్‌యార్డ్‌లో ఓడ పలకలో ఒక బిందువు దగ్గర x అక్షాన్ని ఓడ పొడవునా తీసుకున్నా, ఏటవాలుగా తీసుకున్నా మూలాలు అవే రావాలి కదా.

ఉదాహరణకు మెగాపాస్కల్స్‌లో:

```
| 60  20   0 |
| 20  30   0 |
|  0   0  10 |
```

I1 = 100. మైనర్లు: పైన ఎడమది 1800 − 400 = 1400, మూలలది 600, కింద కుడిది 300. I2 = 2300. I3 = 10·1400 = 14000. సమీకరణం σ³ − 100σ² + 2300σ − 14000 = 0, మూలాలు 70, 20, 10.

ఇందులో యూనిట్లు గమనించండి. I1 మెగాపాస్కల్స్‌లో, I2 వాటి వర్గంలో, I3 ఘనంలో ఉంటాయి. అందుకే σ² పక్కన I1, σ పక్కన I2 వస్తాయి. ప్రతి పదానికీ ఒకే యూనిట్ ఉండాలి. ఏది ఎక్కడ వస్తుందో మర్చిపోతే ఇలా గుర్తు తెచ్చుకోవచ్చు. అన్నట్టు, ఇన్ని సున్నాలున్న చోట ఈ పద్ధతి అవసరం కూడా లేదు. 10 విడిగా కనబడుతూనే ఉంది, మిగతాది 2×2 లెక్క.

4×4కి కూడా చేయొచ్చా?

నియమం అదే. S2కి 2×2 ప్రిన్సిపల్ మైనర్లు ఆరు, S3కి 3×3 ప్రిన్సిపల్ మైనర్లు నాలుగు, S4 మొత్తం డిటర్మినెంట్. నాలుగు 3×3 డిటర్మినెంట్లు చేశాక ఇంకో 4×4 చేయాలి కాబట్టి చేత్తో చేసే సుఖం పోతుంది. 3×3 దగ్గర ఇది ఎంత హాయిగా ఉంటుందో, అది దాటితే అంత విసుగు.

డిటర్మినెంట్ సున్నా వస్తే?

S3 పోతుంది, λ బయటికి వచ్చేస్తుంది. ఒక ఐగెన్ విలువ 0, మిగతా రెండూ λ² − S1·λ + S2 = 0 నుంచి.

కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చా?

```python
import numpy as np
A = np.array([[8,-1,-4],[6,1,-4],[9,-1,-5]])
print(np.poly(A))
```

1, −4, 1, 6కి చాలా దగ్గరగా ఉన్న దశాంశాలు వస్తాయి. తమాషా ఏమిటంటే np.poly మనలా చేయదు. ముందు ఐగెన్ విలువలు కనుక్కుని, వాటి నుంచి సమీకరణం కడుతుంది. మనం నడిచే దారికి సరిగ్గా ఎదురు.

సమీకరణం వచ్చింది, ఐగెన్ వెక్టర్ కూడా దీని నుంచే వస్తుందా?

రాదు. దానికి A − λI రాయక తప్పదు, కానీ ఇప్పుడు λ స్థానంలో సంఖ్య ఉంటుంది. λ = 2 పెడితే మొదటి రెండు వరుసలూ 6, −1, −4 అయిపోతాయి, మూడోది 9, −1, −7. రెండు వేర్వేరు వరుసలు తీసుకుని అడ్డంగా గుణిస్తే (3, 6, 3), అంటే (1, 2, 1). λ తప్పుగా కనుక్కుని ఉంటే ఈ మూడు వరుసలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నిలబడతాయి. ఏ రెండు వరుసల నుంచి వెక్టర్ తీసినా మూడో వరుసలో పెట్టినప్పుడు సున్నా రాదు. అలా జరిగితే వెక్టర్‌తో కుస్తీ పట్టకుండా వెనక్కి వెళ్లి నాలుగు మూలలు చూడండి.